జీతం కంటే ముందు అర్హతల లైన్ మారుతుంది

ప్రశ్న: డేటా అనలిటిక్స్‌లో జీతాలు బాగా పెరిగాయంటున్నారు, జాబ్ సైట్లలో యాడ్స్ కూడా వేలల్లో కనిపిస్తున్నాయి. ఇవి చూసి నాలుగేళ్ల కోర్సు తీసుకోవచ్చా అండీ?

జవాబు: నేను కొన్నేళ్లుగా కంపెనీలకి మనుషుల్ని తీసుకునే పనిలోనే ఉన్నాను కాబట్టి లోపల ఏం జరుగుతుందో చెప్తాను. మీరు చూస్తున్న రెండింట్లో జీతం చాలా ఆలస్యంగా కదిలే అంకె. ఎందుకంటే ఒక పోస్టుకి జీతం ఇంత నుంచి ఇంత వరకు అని ముందే అప్రూవల్ అయ్యుంటుంది, దాన్ని పెంచాలంటే పైవాళ్ల దగ్గర నెలల తరబడి తిరగాలి, తగ్గించాలంటే ఉన్నవాళ్లు ఊరుకోరు. అందుకని మనుషులు దొరకనప్పుడు మేం ముందు సడలించేది అర్హతలు. మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ అన్నది ఏడాదికి దిగుతుంది, తర్వాత ఫ్రెషర్స్ కూడా అప్లై చేయొచ్చు, ట్రైనింగ్ మేమే ఇస్తాం అని వస్తుంది. అప్లికేషన్లు కుప్పలుగా వస్తుంటే మాత్రం జీతం అలాగే ఉంచి, అదే పనికి ఇంకో రెండు టూల్స్ రావాలి, పీజీ ఉండాలి అని జల్లెడ బిగిస్తాం. బయటి నుంచి చూసేవాళ్లకి జీతం అంతే ఉంది కదా అనిపిస్తుంది, లోపల తలుపు మూసుకుపోతూ ఉంటుంది.

మా పిన్ని కొడుకు ఇలాగే డేటా అనలిటిక్స్, ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ మధ్య ఊగుతుంటే ఇద్దరం కూర్చుని యాడ్స్ లెక్కేశాం. డేటా వైపు మాకు దొరికిన వందలో, ఒకే పోస్టుని కంపెనీ ఒకసారి, ముగ్గురు కన్సల్టెన్సీ వాళ్లు తలా ఒకసారి వేసినవి, పాతదాన్నే కొత్త తేదీతో మళ్లీ పెట్టినవి తీసేస్తే 58 మిగిలాయి, అందులో ఏడాదిలోపు ఎక్స్‌పీరియన్స్ ఉన్నవాళ్లని తీసుకునేవి 6. ఎలక్ట్రికల్ వైపు మొత్తం దొరికిందే 40, వడపోస్తే 33, కానీ కొత్తవాళ్లకి 14. అంటే పైకి సగం కూడా లేని ఫీల్డులో కొత్తగా వచ్చేవాడికి రెట్టింపు కంటే ఎక్కువ దారులున్నాయి. తర్వాత ఆ కంపెనీల్లో కొన్నిటి కెరీర్స్ పేజీలు web.archive.org లో ఏడాది వెనక్కి వెళ్లి చూశాం, అన్నీ దొరకవు, దొరికినవాటిలో డేటా పోస్టులకి అర్హతల లిస్ట్ పొడుగైంది, జీతం లైన్ మాత్రం మారలేదు. నాకు అన్నిటికంటే ఎక్కువ చెప్పింది అదే.

ఇక మీ నాలుగేళ్ల సంగతి. రిచర్డ్ ఫ్రీమన్ అనే ఎకనమిస్ట్ 1976లో అమెరికా ఇంజనీర్ల మీద రాసిన పేపర్‌లో ఇదే చూపించారు: మొదటి జీతాలు బాగున్న ఏడు ఎక్కువమంది చేరతారు, వాళ్లంతా కొన్నేళ్ల తర్వాత ఒకేసారి బయటికొస్తారు, జీతాలు పడతాయి, అది చూసి తక్కువమంది చేరతారు, మళ్లీ కొరత. కాబట్టి ఇవాళ్టి జీతం మీకంటే ముందు బ్యాచ్‌లకి సంబంధించింది. మీకంటే కాస్త ముందు మార్కెట్‌లోకి వచ్చి మీతో పోటీపడేవాళ్లు ఇప్పుడు మొదటి, రెండో ఏడు క్లాసుల్లో కూర్చుని ఉన్నారు, ఆ కోర్సుకి రెండు మూడేళ్లలో సీట్లు ఎంత పెరిగాయో కనుక్కోండి, ఆ అంకె దాచిపెట్టేది కాదు, అయినా ఎవరూ అడగరు. సీట్లు రెట్టింపై, కొత్తవాళ్లకిచ్చే పోస్టులు అలాగే ఉంటే ఇబ్బంది ముందే కనిపిస్తున్నట్టే.

యావరేజ్ జీతాన్ని మాత్రం అస్సలు నమ్మకండి. ఐదుగురికి నెలకి 30, 32, 35, 40, 163 వేలు వస్తుంటే యావరేజ్ 60 వేలు, కానీ అంత వచ్చేది ఒక్కడికే, మధ్యలో ఉన్నవాడికి 35. మీడియన్ అడగండి, అదీ చేరిన మొదటి రెండేళ్లవాళ్లది.

ఒక జాగ్రత్త కూడా ఉంది, ఒకే కంపెనీ ఒకే పోస్టుని నెలనెలా వేస్తోందంటే అది డిమాండ్ అనుకోవద్దు, చాలాసార్లు చేరినవాళ్లు నిలవట్లేదు అంతే. ఇంటర్వ్యూలో ఇది కొత్త పోస్టా, ఎవరైనా వెళ్లిపోతే ఖాళీ అయిందా అని నేరుగా అడగొచ్చు, ఎవరూ తప్పు పట్టరు. ఇంకోటి, యాడ్‌లో రాసే అర్హతలు కొంత కోరికల చిట్టా కూడా, అన్నీ లేకపోయినా తీసుకుంటాం, అందుకే ఒక్క యాడ్ చూసి భయపడొద్దు, అదే పోస్టుకి పోయినేడు ఏం రాశారు ఇప్పుడేం రాస్తున్నారు అన్న తేడానే చూడండి. మావాడు ఎలక్ట్రికల్‌లో చేరాడు, డేటా మీద ఇష్టం పోలేదు, పక్కన SQL నేర్చుకుంటున్నాడు, ఆరు నెలలకోసారి ఆ లెక్క మళ్లీ వేస్తూనే ఉన్నాడు.