ఒకే రోజు కుట్టిన మూడు గ్రాఫ్టులు, 12 ఏళ్ళ తర్వాత

ప్రశ్న: మా నాన్నగారికి బైపాస్ చెయ్యాలన్నారు. ఛాతీలోంచి తీసే ధమని మంచిదా, కాలి నరం మంచిదా? ఎన్నాళ్ళు పని చేస్తుంది?

రెండింట్లో ఒకటి ఎంచుకోమని మిమ్మల్ని ఎవరూ అడగరండీ. మూడు నాలుగు చోట్ల బ్లాకులుంటే మామూలుగా రెండూ వాడతారు. మీరు సర్జన్‌ని అడగాల్సిన ముఖ్యమైన మాట ఇది: గుండె ముందు గోడకి దిగే పెద్ద నాళానికి, వాళ్ళు ఎల్‌ఏడీ అంటారే దానికి, ఎడమ ఛాతీ ధమని వేస్తున్నారా? వెయ్యట్లేదంటే ఎందుకో వివరంగా చెప్పించుకోండి.

మా నాన్నకి 2009లో, 61వ ఏట చేశారు. మూడు గ్రాఫ్టులు, అంటే బ్లాకు దాటి రక్తం వెళ్ళడానికి కుట్టిన కొత్త దారులు. ఛాతీ ధమని ఎల్‌ఏడీకి. కాలి నరం రెండు ముక్కలు, ఒకటి గుండె పక్క గోడకి, ఒకటి కుడి నాళానికి. పదేళ్ళ పైన ఏ ఇబ్బందీ లేదు. 2021లో మేడ మెట్లెక్కుతూ తొమ్మిదో మెట్టు దగ్గర ఆగడం మొదలుపెట్టారు. రెయిలింగ్ పట్టుకుని, "ఏం లేదురా, గ్యాసు" అనేవారు. పైకి వెళ్ళి కూర్చుంటే రెండు నిమిషాల్లో తగ్గిపోయేది. నడిస్తే వచ్చి కూర్చుంటే పోయేది గ్యాసు కాదని నాకు తట్టడానికి పది రోజులు పట్టింది. ఆ పది రోజులు తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

యాంజియో అయ్యాక డాక్టరుగారు నన్ను లోపలికి పిలిచి స్క్రీన్ మీద చూపించారు. ముందు ఛాతీ ధమని. సన్నగా, నున్నగా, ఎక్కడా నొక్కు లేకుండా పైనుంచి గుండె మీదకి జారిన నల్ల గీత. నిన్ననే కుట్టినట్టుంది. తర్వాత కుడి నాళానికి వేసిన కాలి నరం. రంగు మందు ఎక్కించగానే అంగుళం మేర కనిపించి, కొట్టేసిన కొమ్మ మొదలులా ఆగిపోయింది. అది ఎప్పుడో పూర్తిగా మూసుకుపోయింది. మూడోది మధ్యమధ్యలో ఉబ్బి, ఒకచోట దారంలా నొక్కుకుపోయి ఉంది. ఒకే మనిషి ఒంట్లో, ఒకే రోజు, ఒకే చేత్తో కుట్టినవి మూడూ.

తేడా ఎక్కడుందంటే, మనం 'కాలి నరం' అంటాం గానీ అది నరం కాదు, సిర. కాళ్ళ నుంచి గుండెకి మెల్లగా తిరిగొచ్చే రక్తం కోసం ఉన్న పల్చటి గొట్టం. దాన్ని తీసి గుండె మీద కుడితే ఆ క్షణం నుంచి 120 బీపీతో ప్రతి కొట్టుకీ దెబ్బ తగులుతుంది. బోదెలోకి పెద్ద కాలవ నీళ్ళు వదిలినట్టు. తీసేటప్పుడు లోపలి పొర కాస్త నలిగితే మొదటి నెలలోనే రక్తం గడ్డకట్టి మూసుకుపోవచ్చు. ఆ గండం దాటితే మొదటి ఏడాదంతా దెబ్బలకి తట్టుకోవడానికి గోడ లోపలివైపు మందమెక్కుతుంది. ఆ మందమెక్కిన గోడ మీదే తర్వాతి ఏళ్ళలో కొవ్వు పేరుకుంటుంది, అదీ మామూలు ధమనిలో కన్నా తొందరగా. మొదటి ఏడాదిలోనే నూటికి పది, పదిహేను సిరలు మూసుకుపోతాయి. పదేళ్ళకి సుమారు సగం నుంచి అరవై శాతమే తెరుచుకుని ఉంటాయి.

ఛాతీ ధమని పుట్టుకతోనే ఆ ఒత్తిడికి అలవాటు పడింది. పైగా దాన్ని పూర్తిగా తెంపరు. మొదలు ఎడమ భుజంవైపు వెళ్ళే పెద్ద ధమనికి అలాగే ఉంచి, కొస మాత్రం మళ్ళించి ఎల్‌ఏడీకి కుడతారు. దాని లోపలి పొర నాళాన్ని విప్పారి ఉంచే నైట్రిక్ ఆక్సైడ్‌ని బాగా తయారుచేస్తుంది. ఎల్‌ఏడీకి వేసినవి పదేళ్ళకి పదింట తొమ్మిది పని చేస్తూనే ఉంటాయి.

అలాగని దానికి ఇబ్బందులు లేవని కాదు. ఎల్‌ఏడీలో బ్లాకు తక్కువగా ఉంటే సొంత నాళంలోంచే రక్తం సరిపడా పారుతుంది. అప్పుడు పని లేక ఛాతీ ధమని దారంలా సన్నబడిపోతుంది. ఇంకోటి, చాలామంది పట్టించుకోనిది: ఆ ధమనికి రక్తం ఎడమ చేతికి వెళ్ళే నాళంలోంచే రావాలి. అక్కడే ఇరుకుంటే గ్రాఫ్టు ఎంత బాగున్నా రక్తం చాలదు. అందుకే ఆపరేషన్‌కి ముందు రెండు చేతులకీ బీపీ చూడమనండి. ఎడమ చేతిలో పై అంకె 15, 20 తక్కువ ఉంటే డాక్టరుకి చెప్పండి. ఆపరేషన్ అయిన వాళ్ళు కూడా అప్పుడప్పుడూ చూసుకోవాలి.

మళ్ళీ మా నాన్న సంగతికొస్తే, సిరలు పాడవడంలో మా తప్పూ ఉంది. 2016లో కొలెస్ట్రాల్ పరీక్ష చేయిస్తే ఎల్‌డీఎల్, అదే చెడు కొలెస్ట్రాల్, 84. రిపోర్టులో 'నార్మల్' అని చూసి, మా బంధువొకాయన "నార్మల్ వచ్చాక ఇంకా స్టాటిన్ ఎందుకు, కాళ్ళు లాగుతాయి" అంటే కొలెస్ట్రాల్ తగ్గించే ఆ మందు నాన్న మాని పారేశారు. 2021లో చూస్తే 128. ల్యాబ్ కాగితం మీద 130 లోపు నార్మలే! ఆ అంకె గుండెజబ్బు లేని వాళ్ళ కోసం. బైపాస్ అయినవాళ్ళకి 70 కన్నా కింద ఉండాలి, ఇప్పుడు చాలామంది డాక్టర్లు 55 కిందకి తెమ్మంటున్నారు. రిపోర్టు మీద ఈ మాట ఎర్ర సిరాతో ముద్ర వెయ్యాలని నా పట్టుదల. 84 వచ్చింది మందు వల్ల. మందు మానితే ఆ 84 ఉండదు.

ఆస్పిరిన్ కూడా అంతే. ఆపరేషన్ అయిన కొద్ది గంటల్లోనే మొదలుపెడతారు, తర్వాత జీవితాంతం. పన్ను పీకించుకోవాలని ఎవరైనా ఆపమంటే ముందు గుండె డాక్టరుకి ఫోన్ చెయ్యండి, సొంతంగా ఆపొద్దు. సిగరెట్ గురించి వేరే చెప్పాలా, సిరని అంతకన్నా పాడు చేసేది లేదు. షుగరు, బీపీ అదుపు కూడా అంతే అవసరం.

నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది 2009 నాటి డిశ్చార్జ్ కాగితం. అందులో ఉన్నది 'సీఏబీజీ చేయబడినది', అంటే బైపాస్ చేశామని, ఒక్క లైను. ఎన్ని గ్రాఫ్టులు, ఏది దేనికి, ఎక్కడ మొదలు, ఏమీ లేదు. దాంతో 2021లో డాక్టరుగారు ఒక్కో గ్రాఫ్టునీ వెతుక్కోవాల్సి వచ్చింది. వెతికే కొద్దీ రంగు మందు ఎక్కువ పడుతుంది, నాన్నకి అప్పటికే క్రియాటినిన్ 1.6. మూత్రపిండాలకి ఏమవుతుందోనని రెండు రోజులు వణికిపోయాం. ఆ ఆసుపత్రికి ఉత్తరం రాస్తే 'పాత రికార్డులు లేవు' అన్నారు.

చివరికి స్టెంట్ పాత సిరలో వెయ్యలేదు. పాత సిరలో ఉన్న చెత్త కదిలి కిందికి కొట్టుకుపోయే భయం ఉంటుందట. అందుకని పక్క గోడ సొంత నాళాన్నే తెరిచి అందులో వేశారు. కుడివైపు పక్కదారుల్లోంచి రక్తం అందుతోందని దాన్ని వదిలేశారు. ఇప్పుడు నాన్న ఆగకుండా మేడెక్కుతున్నారు, ఎల్‌డీఎల్ 52.

మీ నాన్నగారిని డిశ్చార్జ్ చేసేటప్పుడు ఆపరేషన్ నోట్ కాపీ అడిగి తీసుకోండి. గ్రాఫ్టులు గీసిన బొమ్మ ఉంటే దాని జిరాక్స్ కూడా.