నోటీసు వాక్యాన్ని ఎక్కడ విరగ్గొట్టాలి?

"ఎంవీపీ కాలనీలో మా అపార్ట్‌మెంట్ గ్రూపులో నోటీసు పెడితే ఎవరూ చివరిదాకా చదవట్లేదు. వాక్యం ఇదీ: 'పైపులైను మరమ్మతు వల్ల రేపు ఉదయం నీళ్లు రావని తెలిసినందున ఈ రాత్రి 9 నుంచి 10 వరకు ట్యాంకు నింపుతున్న వాచ్‌మన్‌కు సహకరించి కుళాయిలు వాడకుండా ఉండాల్సిందిగా కోరుతున్నాం.' ఎలా విరగ్గొట్టాలి?"

తెలుగులో అసలు క్రియ చివర్లో వస్తుందండీ. అందుకే ఫోన్‌లో నాలుగైదు లైన్లు దిగేదాకా ఏం చేయాలో తెలియదు. కామా దగ్గర కాదు, సగంలో ఆగిన క్రియల దగ్గర కోయండి. మీ వాక్యంలో అవి 'తెలిసినందున', 'నింపుతున్న', 'సహకరించి', 'వాడకుండా'. వాటిలో పనికొచ్చేదాన్ని పూర్తి క్రియ చేసి చుక్క పెట్టండి, మిగతావి తీసేయండి:

"రేపు ఉదయం నీళ్లు రావు. పైపులైను మరమ్మతు ఉంది. ఈ రాత్రి 9 నుంచి 10 వరకు వాచ్‌మన్ ట్యాంకు నింపుతాడు. ఆ గంటసేపు కుళాయిలు వాడకండి."

'సహకరించి' పోయింది చూశారా? కుళాయి కట్టేయడమే సహకారం. 'కోరుతున్నాం' కూడా అంతే, మర్యాద 'వాడకండి'లోనే ఉంది.

ఒక్కచోట మాత్రం కోయకండి: 'తే' ఉన్నచోట. "ట్యాంకు నిండకపోతే 11కి మళ్లీ మోటారు వేస్తాం" అన్నదాన్ని "ట్యాంకు నిండదు. 11కి మళ్లీ మోటారు వేస్తాం" అని రాస్తే, ట్యాంకు ఎలాగూ నిండదన్న అర్థం వస్తుంది. ఇక రాత్రంతా మీకు ఫోన్లే!

కోశాక 'అది', 'అప్పుడు' అనే మాటలు దేన్ని చూపిస్తున్నాయో చూసుకోండి. అనుమానముంటే 'ట్యాంకు' అనే మళ్లీ రాసేయండి.