816లోంచి 869 పోతే లెక్క తప్పినట్టు కాదు

ప్రశ్న: "ఒకేలాంటి 15 ఉస్మానియా బిస్కెట్లను నాలుగు వేర్వేరు డబ్బాల్లో సర్దాలి. వాటిలో వరుసగా 3, 5, 6, 7కు మించి పట్టవు. డబ్బా ఖాళీగా ఉన్నా ఫర్వాలేదు. ఫార్ములా వేస్తే 816 వచ్చింది. పట్టనివన్నీ తీసేద్దామని చూస్తే 869 అయ్యాయి, అంటే మైనస్ 53! ఆన్సర్ మాత్రం 73 అని ఇచ్చారు. జనరేటింగ్ ఫంక్షన్‌తో చేయమంటున్నారు. అది ఎలా?"

మీ 816 కరెక్టే, 869 కూడా కరెక్టే. లెక్క సగంలో ఆగిపోయింది, అంతే. మిగతా సగం ఎక్కడుందో జనరేటింగ్ ఫంక్షన్ రాస్తే కళ్ళ ముందే కనిపిస్తుంది.

ఒక్కో డబ్బాకి ఒక్కో బ్రాకెట్ రాయండి. x మీది ఘాతం అంటే ఆ డబ్బాలో పడిన బిస్కెట్ల సంఖ్య. మొదటి డబ్బాలో 0, 1, 2 లేదా 3 పడతాయి కాబట్టి దాని బ్రాకెట్ ఇది:

```
1 + x + x^2 + x^3
```

ఇక్కడ ప్రతి గుణకం 1 ఎందుకంటే బిస్కెట్లన్నీ ఒకేలాంటివి. డబ్బాలో రెండు ఉన్నాయంటే ఏ రెండు అన్న ప్రశ్నే రాదు. రెండో బ్రాకెట్ x^5 దాకా, మూడోది x^6 దాకా, నాలుగోది x^7 దాకా పోతుంది. ఈ నాలుగు బ్రాకెట్ల లబ్ధమే జనరేటింగ్ ఫంక్షన్. వీటిని గుణించేటప్పుడు ఒక్కో బ్రాకెట్ నుంచి ఒక్కో పదం తీసుకుంటాం, ఘాతాలు కూడుకుంటాయి. x^2, x^5, x^3, x^5 తీసుకుంటే x^15 వచ్చింది. అంటే డబ్బాల్లో 2, 5, 3, 5 సర్దినట్టే. x^15 ఎన్నిసార్లు తయారైతే అన్ని విధాలుగా సర్దవచ్చు. మనకు కావలసింది ఆ గుణకం ఒక్కటే.

నాలుగు బ్రాకెట్లనీ విప్పుకుంటూ కూర్చోనక్కర్లేదు. ఒక్కోటీ గుణశ్రేఢి కాబట్టి ఇలా మడిచేయవచ్చు:

```
1 + x + x^2 + x^3 = (1 - x^4)/(1 - x)
```

ఎక్కువమంది కాలు జారేది ఇక్కడే. డబ్బాలో 3 పడతాయని 1 - x^3 రాసేస్తారు. లవంలో రావలసింది పట్టే చివరి సంఖ్య కాదు, పట్టని మొదటి సంఖ్య. 1 - x^3 రాస్తే మీరు లెక్కపెడుతున్నది రెండే పట్టే డబ్బాని. అనుమానమొస్తే భాగహారం చేసి చివరి పదం x^3 వస్తోందో లేదో చూసుకోండి, పది సెకన్ల పని.

ఇప్పుడు మొత్తం ఇలా అవుతుంది:

```
(1 - x^4)(1 - x^6)(1 - x^7)(1 - x^8) / (1 - x)^4
```

కింద ఉన్న 1/(1 - x)^4 అంటే ఏ పరిమితీ లేని నాలుగు డబ్బాలు. అందులో x^k గుణకం C(k+3, 3). మీరు వేసిన ఫార్ములా ఇదే, k = 15 పెడితే C(18, 3) = 816. పరిమితుల కథంతా పైన లవంలో ఉంది. దాన్ని x^15 వరకే విప్పితే చాలు, అంతకు మించిన ఘాతాలతో మనకు పని లేదు:

```
1 - x^4 - x^6 - x^7 - x^8
  + x^10 + x^11 + x^12 + x^13 + x^14 + x^15
```

ఒక్కో పదాన్నీ మాటల్లో చదవండి. -x^4 అంటే మొదటి డబ్బాలో ముందే 4 బిస్కెట్లు కుక్కేశాం, మిగిలిన 11ని ఎలాగైనా పంచుకోండి అని. అలా C(14, 3) = 364 విధాలు, ఇవన్నీ చెల్లనివి. అలాగే -x^6కి 9 మిగులుతాయి, 220. -x^7కి 8 మిగులుతాయి, 165. -x^8కి 7 మిగులుతాయి, 120. కలిపితే మీ 869.

మరి 816 సర్దుబాట్లలో 869 చెల్లనివి ఎలా ఉంటాయి? కొన్నింటిని రెండేసిసార్లు తీసేశారు కాబట్టి. డబ్బాల్లో 4, 6, 5, 0 ఉన్న సర్దుబాటు చూడండి. మొదటి డబ్బా పొంగింది, రెండోదీ పొంగింది. ఇది 364లోనూ పోయింది, 220లోనూ పోయింది. ఉన్నది ఒక్కటే కాబట్టి ఒకసారి వెనక్కి వేయాలి. ప్లస్ పదాల పని అదే. x^10లో 10 అంటే 4 + 6, అంటే మొదటి రెండు డబ్బాలూ పొంగిన సర్దుబాట్లు. మిగిలిన 5 బిస్కెట్లకి C(8, 3) = 56. ఇదే వరుసలో x^11కి 35, x^12కి 20, x^13కి 10, x^14కి 4, x^15కి 1. మొత్తం 126.

```
816 - 869 + 126 = 73
```

మూడు డబ్బాలు ఒకేసారి పొంగాలంటే కనీసం 4 + 6 + 7 = 17 బిస్కెట్లు కావాలి, మన దగ్గర 15 ఉన్నాయి. అందుకే లెక్క ఇక్కడితో ఆగింది. 17 ఉంటే -x^17 పదం కూడా పనిలోకి దిగేది. ఏ పదం దగ్గర ఆగాలో ఘాతమే చెబుతుంది, గుర్తు ప్లస్సో మైనస్సో గుణకారమే చెబుతుంది, మీరు విడిగా గుర్తుపెట్టుకోవలసింది ఏమీ లేదు. కోఠిలో దొరికే పాత మెటీరియల్‌లో, చేతులు మారే జిరాక్స్ నోట్సుల్లో ఈ ప్లస్ మైనస్ వరుసని ఒక పెద్ద ఫార్ములాగా డబ్బా కట్టి బట్టీ పట్టమంటారు. నాకు అది అస్సలు నచ్చదు. డబ్బాకో బ్రాకెట్ రాసుకున్న పిల్లవాడికి ఆ ఫార్ములా అవసరమే లేదు. బట్టీ పట్టినవాడు మీలాగే మైనస్ 53 చూడగానే కంగారుపడి, మొదటి నుంచి మళ్ళీ మొదలుపెడతాడు.

నేను అసలు చెప్పాలనుకున్నది ఇంకొకటి ఉంది. ఈ లెక్కకి ఇంత పని చేయనక్కర్లేదు. నాలుగు డబ్బాల్లో కలిపి 21 పడతాయి. 15 బిస్కెట్లు పెట్టాక 6 చోట్లు ఖాళీ. బిస్కెట్లని కాకుండా ఖాళీలని పంచండి. ఒక్కో డబ్బాలో ఉండగల ఖాళీలకి కూడా అవే పరిమితులు: 3, 5, 6, 7. కాబట్టి x^15 గుణకం, x^6 గుణకం ఒకటే. 6కి లెక్క ఎంత చిన్నదో చూడండి. పరిమితి లేకుండా C(9, 3) = 84. మొదటి డబ్బాలో 4 కుక్కితే 2 మిగులుతాయి, C(5, 3) = 10. రెండో డబ్బాలో 6 కుక్కితే ఏమీ మిగలదు, 1. మూడోది, నాలుగోది పొంగే అవకాశమే లేదు. 84 - 10 - 1 = 73. పదకొండు పదాల లెక్క మూడు పదాలకి దిగింది. ఈఏపీసెట్ కానీ జేఈఈ కానీ, పెన్ను పెట్టకముందే పరిమితులన్నీ కూడి, అందులో సగం కన్నా మీ సంఖ్య ఎక్కువుంటే ఖాళీల వైపు తిరగండి. ఒక్క డబ్బాకి పరిమితి లేకపోయినా ఇది నడవదు, ఎందుకంటే అప్పుడు ఖాళీలెన్ని అనడానికి మొత్తమే ఉండదు.

ప్రతి డబ్బాలో కనీసం ఒకటి ఉండాలని అడిగితే బ్రాకెట్ 1తో కాకుండా x తో మొదలవుతుంది. ముందే ఒక్కోటి వేసేయండి. మిగిలేవి 11, పరిమితులు 2, 4, 5, 6. ఇక్కడ తరచూ జరిగే పొరపాటు బిస్కెట్లని 15 నుంచి 11కి తగ్గించి, పరిమితులని మాత్రం పాతవే ఉంచేయడం. రెండూ తగ్గాలి. కొత్త పరిమితుల మొత్తం 17, ఖాళీలు మళ్ళీ 6. పట్టని మొదటి సంఖ్యలు 3, 5, 6, 7 కాబట్టి 84 - 20 - 4 - 1 = 59.

డబ్బాలు పది, పదిహేను ఉంటే చేత్తో పదాలు విప్పడం నరకం. అప్పుడు ఇదే భిన్నాన్ని పట్టికగా నడపాలి. (1 - x) తో భాగించడం అంటే వరుసగా కూడుకుంటూ పోవడం. (1 - x^(m+1)) తో గుణించడం అంటే m+1 స్థానాలు జరిపి తీసేయడం. పైథాన్‌లో ఇంతే:

```python
limits = [3, 5, 6, 7]
n = 15
ways = [1] + [0] * n
for m in limits:
    for k in range(1, n + 1):
        ways[k] += ways[k - 1]
    for k in range(n, m, -1):
        ways[k] -= ways[k - m - 1]
print(ways[n])
```

73 ప్రింట్ అవుతుంది. రెండో లూప్ పై నుంచి కిందికే నడవాలి. ముందుకి నడిపితే అప్పటికే మారిపోయిన విలువల్ని మళ్ళీ తీసేస్తారు, అంటే గుణించడానికి బదులు (1 + x^(m+1)) తో భాగించినట్టవుతుంది. తప్పు పట్టుకోవడం సులువు: limits = [3] అని ఒక్క డబ్బానే పెట్టి, n = 8 ఇచ్చి చూడండి. మూడే పట్టే డబ్బాలో ఎనిమిది పెట్టే విధాలు సున్నా రావాలి. లూప్ తిరగబడితే 1 వస్తుంది.

మొత్తం పట్టిక సరిగ్గా ఉందో లేదో చూడాలంటే n = 21 ఇచ్చి ways అంతా కూడండి. x = 1 పెట్టినట్టే కాబట్టి 4 × 6 × 7 × 8 = 1344 రావాలి. వరుస ముందు నుంచి చదివినా వెనక నుంచి చదివినా ఒకేలా ఉండాలి, ways[6], ways[15] రెండూ 73 చూపించాలి.

ఇక డబ్బాలు కూడా ఒకేలాంటివైతే, అంటే ఏది మొదటిదో ఏది రెండోదో చెప్పలేకపోతే, ఈ బ్రాకెట్లు పనికిరావు. ఇందులో 2, 5, 3, 5కీ 3, 5, 2, 5కీ వేర్వేరు లెక్క, అక్కడ రెండూ ఒకటే. బిస్కెట్లు దేనికది వేరైతే x^k స్థానంలో x^k/k! రాసి, చివర వచ్చిన గుణకాన్ని 15! తో గుణించాలి. ప్రశ్నలో "ఒకేలాంటి" అన్న మాట బిస్కెట్లకి ఉందా, డబ్బాలకి ఉందా అని ముందు చూసుకుని, ఆ తర్వాతే బ్రాకెట్ తెరవండి.