మూడో వంతు కోత లెక్క

"బ్రాడీపేటలో మాక్ టెస్ట్ రాశాను. 150 ప్రశ్నల్లో 90 రైట్, 36 తప్పు, 24 వదిలేశాను. 1/3 నెగెటివ్ అంటే నాకెన్ని వస్తాయి?"

78 వస్తాయి తమ్ముడూ. 36 తప్పులకు 12 మార్కులు పోయాయి, వదిలేసినవాటికి కోత లేదు. సూచనల్లో మామూలుగా "తప్పు జవాబుకు ఆ ప్రశ్నకు కేటాయించిన మార్కుల్లో మూడో వంతు తగ్గిస్తారు" అని ఉంటుంది. "ఆ ప్రశ్నకు" అన్నది చూసుకో. రెండు మార్కుల ప్రశ్నయితే కోత కూడా రెట్టింపు, సుమారు 0.66.

కింద ఇంకో లైనుంటుంది, చాలామంది చదవరు. ఒకే ప్రశ్నకు రెండు బబుల్స్ నింపితే, అందులో ఒకటి కరెక్టైనా యూపీఎస్సీ దాన్ని తప్పుగానే లెక్కేసి కోత వేస్తుంది.

ఇక వదిలేసిన 24 సంగతి. నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా పెడితే సగటున ఆరు తగులుతాయి, 18 తప్పుతాయి. ఆరు వచ్చి ఆరు పోతాయి, అంటే లాభం సున్నా. అదే ప్రతి ప్రశ్నలో ఒక ఆప్షన్ కచ్చితంగా తప్పని తేల్చగలిగితే ఎనిమిది తగిలి, 16 తప్పులకు 5.33 పోతాయి. రెండున్నర పైనే మిగులుతాయి. ఒక్కటి కూడా కొట్టేయలేని ప్రశ్నను మాత్రం ఖాళీగా వదిలెయ్. ఈ లెక్క 1/3 కోతకే. బ్యాంకు పరీక్షల్లో కోత పావు వంతు, ఆప్షన్లు ఐదు.