కేవైసీ నోటీసు: ఏం ఆగుతుందో చెప్తే కంగారు తగ్గుతుంది

“మా బ్రాంచి నోటీసులో ‘కేవైసీ నవీకరించని యెడల ఖాతా స్తంభింపజేయబడును’ అని ఉందండి. పెద్దవాళ్లు డబ్బు పోయిందనుకుని పరుగెత్తుకొస్తున్నారు. ఎలా మార్చాలి?”

‘స్తంభింపజేయబడును’ అంటే ఏం ఆగుతుందో తెలీదు కదండీ, అందుకే డబ్బే పోయిందనుకుంటున్నారు. ఇలా రాసి చూడండి:

“మీ కేవైసీ వివరాలను మార్చి 31 లోపు అప్‌డేట్ చేయించుకోండి. వివరాలేవీ మారకపోతే కొత్త కాగితాలు అక్కర్లేదు, ‘మార్పు లేదు’ అని రాసిస్తే చాలు. గడువు దాటితే డబ్బు తీయడం, పంపడం ఆగుతాయి. మీ డబ్బు ఖాతాలోనే ఉంటుంది. వివరాలు ఇచ్చాక మళ్లీ మామూలుగా వాడుకోవచ్చు.”

తేదీ మొదటి వాక్యంలోనే ఉంది చూడండి. ‘వెంటనే’, ‘చివరి హెచ్చరిక’ లాంటివి వద్దు, మోసగాళ్ల మెసేజీల్లో కనిపించే మాటలే అవి. లింకు కూడా పెట్టకండి.

ఒకటి మాత్రం చూసుకోండి. తక్కువ రిస్కు కింద ఉన్న వ్యక్తిగత ఖాతాలకు గడువు దాటాక కూడా కనీసం ఏడాది లావాదేవీలు జరగనివ్వాలని రిజర్వ్ బ్యాంకు 2025 జూన్‌లో చెప్పింది. వాళ్లకు ఇదే నోటీసు పంపితే ‘ఆగుతాయి’ అన్న మాట తప్పవుతుంది. వాళ్ల కాపీలో రెండు తేదీలూ వేయండి: అప్‌డేట్ చేయించాల్సిన తేదీ, లావాదేవీలు ఆగే తేదీ.