ఫాంటు లేని పీడీఎఫ్: పర్లాకిమిడిలో కొత్తగా డీటీపీ షాపు పెట్టిన అబ్బాయికి

బరంపురం

చిరంజీవి రమణకు పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు ఫోను చేసినప్పుడు నేను బజారులో ఉన్నాను. ఆ రణగొణలో నీ మాట సగమే వినిపించింది. రాత్రి ఇంటికి వచ్చి నువ్వు పంపిన ఫైలు తెరిచాక నీ కంగారు ఏమిటో తెలిసింది. 2011 నాటి సీతారామ కల్యాణం కరపత్రం, ఉత్సవ కమిటీ వాళ్లు తేదీ మార్చి మళ్లీ అచ్చు వేయమన్నది. పైన ఒడియా చక్కగా ఉంది. అడుగున ఇంగ్లీషు చిరునామా చక్కగా ఉంది. మధ్యలో తెలుగు ఉండవలసిన పంక్తుల్లో మాత్రం నెత్తిన గీతలు, చుక్కలు పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలు, వాటి మధ్య పౌండు గుర్తులు, డిగ్రీ గుర్తులు. "ఫైలు పాడైపోయింది పెదనాన్నా" అన్నావు. పాడవలేదు. కమిటీ వాళ్లతో ఆ మాట ఇంకా అనకపోతే అనవద్దు.

నా కంప్యూటర్‌లో పాప్లర్ అనే ఉచిత సాధనాల మూట ఉంది. అందులోని `pdffonts` అనే ఆదేశానికి నీ ఫైలు ఇచ్చి చూశాను. నువ్వూ దించుకుని పెట్టుకో. ఇదిగో నాకు వచ్చిన జవాబు, అవసరమైన నిలువు వరసలు మాత్రమే:

```
name                    type      encoding  emb sub
Priyaanka               TrueType  WinAnsi   no  no
AAAAAC+AkrutiOriSarala  TrueType  WinAnsi   yes yes
ArialMT                 TrueType  WinAnsi   no  no
```

`emb` వరసలో `yes` ఉంటే ఆ ఫాంటు ఫైలు కడుపులోనే ఉందన్నమాట. `sub` కూడా `yes` అయితే ఫాంటు మొత్తం లేదు, ఆ కరపత్రంలో వాడిన అక్షరాల వరకే ఉంది. పేరు ముందున్న ఆరు పెద్ద అక్షరాలు, కూడిక గుర్తు చెప్పేదీ అదే. అందుకే మన ఒడియా ఎక్కడ తెరిచినా సరిగ్గా వస్తుంది. ఏరియల్ ఫైలులో లేదు. అయినా ప్రతి విండోస్ కంప్యూటర్‌లోనూ ఉంటుంది కాబట్టి లేని సంగతి ఎవరికీ పట్టదు. ఇబ్బందల్లా మొదటి పంక్తితోనే. తెలుగు ఫాంటు ఫైలులో లేదు, నీ కంప్యూటర్‌లోనూ లేదు.

మరి ఫాంటు లేదని చెప్పకుండా పీడీఎఫ్ రీడరు ఇంగ్లీషు అక్షరాలు ఎందుకు చూపిస్తుంది అని అడిగావు. దీనికి నా పాత ప్రెస్సు రోజులే మంచి ఉదాహరణ. ఒక ఊరి కంపోజిటర్ నీకు అచ్చు అక్షరాలు పంపకుండా, కేసు అనే అక్షరాల పెట్టెలో ఎన్నో గడిలోని అక్షరం ఎక్కడ పేర్చాలో రాసిన చీటీ ఒకటే పంపాడనుకో. ఆయన ముందున్నది తెలుగు కేసు, నీ ముందున్నది ఇంగ్లీషు కేసు. నువ్వు చీటీ ప్రకారం తప్పు లేకుండా పేరుస్తావు, వచ్చేది మాత్రం ఇంగ్లీషు. యూనికోడ్‌కు ముందటి అను, శ్రీలిపి, ఆకృతి ఫాంట్లన్నీ ఇంగ్లీషు గడుల్లో మన అక్షరాల బొమ్మలు పెట్టినవే. నీ పీడీఎఫ్‌లో ఉన్నవి ఆ గడుల సంఖ్యలు, ఒక్కో అక్షరానికి కేటాయించిన వెడల్పులు మాత్రమే. రీడరు తన దగ్గరున్న మరో ఫాంటుతో ఆ గడులు నింపేస్తుంది. దాని లెక్కలో ఇది పొరపాటే కాదు కాబట్టి హెచ్చరిక రాదు. వెడల్పులు ఫైలులోనివే వాడుతుంది కనుక పంక్తులు మొదట అనుకున్న చోటే ఆగుతాయి. నీ తెలుగు పంక్తులు గజిబిజిగా ఉన్నా అంచులు ఒరిజినల్ అంచులకు సరిపోతున్నాయి, చూడు.

కమాండ్ల జోలికి వెళ్లడం ఇష్టం లేకపోతే అక్రోబాట్ రీడర్‌లో కంట్రోల్, డి కలిపి నొక్కి `Fonts` అనే ట్యాబు చూడు. ఫాంటు పేరు కింద `Actual Font` అని ఉండి దాని పక్కన వేరే పేరు కనబడితే, అదే బదులు కూర్చున్న ఫాంటు.

ఒకే ఫైలులో ఒడియా ఫాంటు వెళ్లి తెలుగు ఫాంటు ఎందుకు వెళ్లలేదన్నదే అసలు ప్రశ్న. పీడీఎఫ్ చేసినవాడి అమరికలో ఆ ఫాంటును పొదగవద్దని ఉండవచ్చు. లేదా ఫాంటులోనే ఆ నిషేధం ఉండవచ్చు. ప్రతి ట్రూటైప్ ఫాంటులోనూ `fsType` అనే చిన్న అంకె ఉంటుంది. అది 0 అయితే ఏ ఆంక్షా లేదు. 2 అయితే తయారుచేసినవాళ్ల అనుమతి లేకుండా ఫైల్లో పొదగకూడదు. పద్ధతిగా నడిచే ప్రోగ్రాములు ఆ అంకెను చూసి ఫాంటును బయటే వదిలేస్తాయి. డబ్బు పెట్టి కొన్న పాత ప్యాకేజీల ఫాంట్లలో ఈ తంటా నేను చాలాసార్లు పడ్డాను.

ఇప్పుడు నువ్వు చేయవలసింది చెబుతాను. ఆ పేరుతో దొరికిన ఫాంటును ఇంటర్నెట్‌లో వెతికి వేసేసుకోవద్దు. కొన్నవాళ్ల కోసం ఇచ్చిన ఫాంటు అలా తీసుకోవడం సరికాదు, అది ఒక సంగతి. అంతకంటే ప్రమాదం ఇంకొకటి ఉంది. ఒకే పేరుతో వేరే వెర్షన్ దొరికితే అక్షరాలు చాలావరకు కుదురుతాయి, నాలుగైదు గడులు మాత్రం తేడాగా ఉంటాయి. అంతా ఇంగ్లీషుగా కనబడితే పిల్లవాడైనా తప్పు పడతాడు. "లక్ష్మణ"లో ఒక్క వత్తు మారితే ప్లేటు చేసి వెయ్యి కాగితాలు కొట్టేదాకా ఎవరూ చూడరు. నాకు ఒకసారి అలాగే అయింది. ఒక పెళ్లి శుభలేఖలో "జ్ఞ" ఉండవలసిన చోట వేరే గుణింతం పడింది. పెళ్లికూతురి పేరే ప్రజ్ఞ. ఆ ఖర్చు నాదే అయింది.

కరపత్రం వెనుక సన్న అక్షరాల్లో పాతపట్నం షాపు పేరు ఉందన్నావు. నీకు అది పక్కనే కదా. సరిహద్దులో మనకు ఎప్పుడూ ఇదే తంతు, తెలుగు అవతల కంపోజ్ చేయించి, ఒడియా ఇవతల చేయించి, రెండూ ఒక కాగితం మీద కలుపుతాం. కాబట్టి ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్ ఆ షాపులో ఉండే అవకాశం ఎక్కువ. వెళ్లి ఫాంటు అడగవద్దు, పని అడుగు. ముందు అసలు ఫైలు, అంటే పేజ్‌మేకర్‌దో కోరెల్‌దో, ఉందేమో అడుగు. ఉంటే ఇక మిగతా ఉత్తరం చదవక్కరలేదు. పదిహేనేళ్ల నాటి ఫైలు కాబట్టి లేకపోవచ్చు. అప్పుడు నీ పీడీఎఫ్‌ను ఆ కంప్యూటర్‌లోనే తెరిపించు. తెలుగు తెలుగుగా కనబడితే వెంటనే సంబరపడకుండా, వెంట తీసుకెళ్లిన పాత అచ్చు కరపత్రాన్ని పక్కన పెట్టుకుని చూడు. "శ్రీ", "లక్ష్మణ", "యజ్ఞం", "స్వామి", "కృప", "వాఙ్మయం", ఇలాంటి మాటలు ఎక్కడున్నాయో ముందు అవి చూసి తర్వాత మిగతావి చదువు.

సరిగ్గా ఉందని తేలాక ఆ అక్షరాలను కర్వ్స్ చేయించు. అంటే అక్షరాన్ని గడి సంఖ్యగా కాక, గీసిన గీతగా మార్చడం. పొదగడానికి ఫాంటు ఒప్పుకోని చోట ఇదే దారి. గోస్ట్‌స్క్రిప్ట్ అనే ఉచిత ప్రోగ్రాము ఆ కంప్యూటర్‌లో వేయనిస్తే ఈ ఒక్క పంక్తి చాలు:

```
gswin64c -o curves.pdf -sDEVICE=pdfwrite -dNoOutputFonts karapatram.pdf
```

ఇది నడుస్తున్నప్పుడు తెర మీద పడే సందేశాలు చదువు. వాటిలో `Substituting font` అనో, తెలుగు ఫాంటు పేరున్న పంక్తిలోనే `NimbusSans` అనో కనబడితే దానికి అసలు ఫాంటు దొరకలేదు. తన దగ్గరున్న ఇంగ్లీషు ఫాంటుతోనే గీతలు గీసేసింది. ఫాంటును ఒక్క వాడుకదారుకే వేసి ఉంటే ఇలా జరుగుతుంది. ఫాంటు ఫైలు మీద కుడి మీట నొక్కి `Install for all users` ఎంచుకుని మళ్లీ వేయమను.

వచ్చిన ఫైలుకు మళ్లీ `pdffonts` నడిపితే ఒక్క ఫాంటు పేరు కూడా రాకూడదు. అయితే జాగ్రత్త, తప్పుడు అక్షరాలను కర్వ్స్ చేసినా జాబితా ఖాళీగానే వస్తుంది. ఇక మీదట ఏ ఫోనులో తెరిచినా మారని ఫైలు వచ్చిందని మాత్రమే దాని అర్థం. అక్షరం సరైనదా కాదా అన్నది పాత కాగితమే చెప్పాలి. నీ షాపుకు వచ్చి, ఆ ఫాంటు లేని నీ కంప్యూటర్‌లో తెరిచి, ఒక ప్రింటు తీసి ఆ కాగితంతో పోల్చు.

ఇక తేదీ మార్పు. పాత తేదీ 12-4-2011. ఈసారి 2026 వేయాలి. ఒడియా భాగంలో తేదీ ఒడియా అంకెల్లో ఉంది. పాత ఫైలులో ఉన్నది వాడిన అక్షరాల వరకే అని చెప్పాను కదా. ఒకటి, రెండు, నాలుగు, సున్నా ఉన్నాయి, ఆరు లేదు. అడుగున ఫోను నంబరులో ఆరు ఉందని మురిసిపోకు, అది ఏరియల్‌లోది. అక్రోబాట్‌లో ఆ చోట దిద్దబోతే అసలు ఫాంటు లేదని చెప్పి వేరే ఫాంటులో ఆరు వేస్తుంది. మూడు అంకెలు ఒక పోకడ, నాలుగోది మరో పోకడ, చూడటానికి అతుకు వేసినట్టు ఉంటుంది. అందుకని కర్వ్స్ చేసిన ఫైలును కోరెల్‌లో తెరిచి, పాత తేదీ పంక్తి మొత్తం తీసేసి, కొత్త పంక్తిని నీ దగ్గరున్న ఒడియా ఫాంటుతో పూర్తిగా కొట్టు. తెలుగు తేదీ పంక్తికీ అదే పద్ధతి. లావు, ఎత్తు చుట్టుపక్కల అక్షరాలకు దగ్గరగా ఉన్న ఫాంటు ఎంచుకో. ఒక పంక్తి మొత్తం వేరుగా ఉంటే అలంకారం అనుకుంటారు, ఒక అంకె వేరుగా ఉంటే తప్పు అనుకుంటారు.

పాతపట్నం షాపు మూతపడి ఉంటే? అప్పుడూ నీ ఫైలు పనికిమాలినది కాదు. గజిబిజిగా కనబడే ఆ పంక్తులను కాపీ చేసుకుంటే గడుల సంఖ్యలు అలాగే వస్తాయి. ఆ ఫాంటు కుటుంబానికి తగిన యూనికోడ్ మార్పిడి సాధనంలో వేస్తే చదవదగిన తెలుగు వస్తుంది. వత్తులు, దీర్ఘాలు అక్కడక్కడ జారతాయి, అవి చేత్తో దిద్దుకోవాలి. దాన్ని మండలి, రామభద్ర వంటి ఉచిత ఫాంట్లలో కొత్తగా పేర్చు. వాటిని పొదగడానికి ఆంక్ష లేదు. రూపు మాత్రం పాత కరపత్రంలా ఉండదని కమిటీ వాళ్లకు ముందే చెప్పు. కానీ అసలు పీడీఎఫ్‌ను చెరిపేయవద్దు. కర్వ్స్ చేసినదాంట్లో కాపీ చేయడానికి అక్షరాలే ఉండవు, గీతలే ఉంటాయి. ఈ దారి కావలసి వస్తే ఆ పాత ఫైలే దిక్కు.

పాతపట్నం వెళ్లేటప్పుడు పెన్‌డ్రైవ్‌తో పాటు ఆ అచ్చు కరపత్రం మరచిపోకు. కమిటీ వాళ్ల దగ్గర రెండు ప్రతులుంటే మడత పడనిది అడిగి తీసుకో. మడత మీద వత్తులు చెరిగిపోతాయి.

మీ పెదనాన్న