క్రిప్టోకి, టెలిగ్రామ్ టిప్స్‌కి ఎంత డబ్బు కేటాయించాలి?

"నా దగ్గర 6 లక్షల సేవింగ్స్ ఉన్నాయి. క్రిప్టోలో, టెలిగ్రామ్‌లో వచ్చే షేర్ టిప్స్‌లో ఎంత పెట్టొచ్చు?"

రెండింటికీ కలిపి 5 శాతం దాటకండి. ఆరు నెలల ఇంటి ఖర్చు ముందే పక్కన పెట్టి, మిగిలినదాంట్లోనే ఈ 5 శాతం లెక్కేయండి. ఆ 6 లక్షల్లో 2 లక్షలు అలా పోతే మీ వాటా 20 వేలే.

ఈ డబ్బును వేరే బ్యాంకు ఖాతాలో వేసి, ట్రేడింగ్ యాప్‌కి ఆ ఖాతానే లింక్ చేయండి. ఎందుకంటే హద్దు తప్పేది మొదట్లో కాదు, ధర పడ్డాక. 20 వేలు 9 వేలయితే "తక్కువ ధరకి ఇంకొన్ని కొని యావరేజ్ చేద్దాం" అని జీతంలోంచి ఇంకో 10 వేలు తీస్తాం. నా హద్దు కూడా ఒకసారి అలాగే దాటిపోయింది. ఖాతా ఖాళీ అయితే ఆ ఏడాదికి ఆపేయాల్సిందే.

క్రిప్టోలో పన్ను కూడా చూసుకోవాలి. ఒక కాయిన్‌లో 10 వేలు లాభం, ఇంకోదాంట్లో 10 వేలు నష్టం వచ్చిందనుకోండి. మీకు మిగిలింది సున్నా. కానీ మన చట్టం ప్రకారం ఆ నష్టాన్ని లాభంలోంచి తీసేయడానికి లేదు. 30 శాతం పన్ను, దానిపై 4 శాతం సెస్, మొత్తం 3,120 రూపాయలు కట్టాలి.

టిప్ షేర్లలో ప్రమాదం వేరు. రోజూ కొన్ని వేల షేర్లే చేతులు మారే చిన్న కంపెనీ అయితే, పడేటప్పుడు లోయర్ సర్క్యూట్, అంటే ఆ రోజుకి ధర అంతకంటే పడకుండా ఎక్స్ఛేంజ్ పెట్టిన హద్దు, తగులుతుంది. అమ్ముదామన్నా కొనేవాడు ఉండడు. అందుకే ధర ఇంతకి పడితే అమ్మేయమని ముందే పెట్టుకునే స్టాప్‌లాస్‌ని నమ్ముకుని ఎక్కువ పెట్టకండి.